ముప్పై సెకన్లు, తొంభై అక్షరాలు, ఒక టక్

మా ఊరి డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు ఒక సాయంత్రం కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. కమ్యూనిటీ రేడియో వాళ్లు హెల్మెట్ మీద ముప్పై సెకన్ల ప్రకటన రాసిమ్మన్నారట. నేను చాలాకాలంగా రేడియో ప్రకటనలు రాస్తున్నానని ఎవరో చెబితే, ఒకసారి చూసి తప్పులు దిద్దమని అడిగారు. కాగితం మీద ఇలా ఉంది:

ద్విచక్ర వాహనదారులారా! శిరస్త్రాణం ధరించండి, ప్రాణాలు కాపాడుకోండి. ప్రతి సంవత్సరం వేలాదిమంది రోడ్డు ప్రమాదాల్లో మృత్యువాత పడుతున్నారు. మోటారు వాహనాల చట్టం నూట ఇరవై తొమ్మిదవ సెక్షన్ ప్రకారం నడిపేవారు, వెనుక కూర్చున్నవారు విధిగా హెల్మెట్ ధరించాలి. ఉల్లంఘిస్తే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న హెల్మెట్లనే కొనండి. మద్యం సేవించి వాహనం నడపకండి. అతివేగం ప్రమాదకరం. మీ కుటుంబం మీ కోసం ఎదురుచూస్తోంది.

అక్షర దోషం ఒక్కటి కూడా లేదు. అయినా అది ప్రకటన కాలేదు. ఎందుకు కాలేదో, దాన్ని మేం నాలుగు రోజుల్లో ఎలా తిరగరాశామో ఈ అధ్యాయంలో చెబుతాను. మీకూ రేపు మీ కాలనీ సంఘం నుంచో, స్కూలు నుంచో, ఊళ్లోని సినిమా హాలు నుంచో ఇలాంటి పని రావచ్చు.

ముందు నేను వాళ్లను అడిగింది ఫోన్లో గడియారం పెట్టి దాన్ని పైకి చదవమని. బాగా చదివే అమ్మాయి చదివింది. ముప్పై సెకన్లు పూర్తయ్యేసరికి ఎదురుచూసే కుటుంబం దగ్గరికి అప్పుడే చేరింది. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. వినేవాళ్లకు కూడా ఊపిరి తీసుకునే చోటు లేదు.

తెలుగులో ప్రకటన నిడివిని మాటలతో లెక్కపెట్టడం కుదరదు. ఇంగ్లిష్‌లో ముప్పై సెకన్లకు ఇన్ని మాటలని చెప్పే లెక్కలు మనకు పనికిరావు. మన మాట ఒక్కటే ఒక వాక్యమంత పొడవు సాగగలదు. ‘వెళ్తున్నానన్నాడనుకున్నాను’ అనేది లెక్కకు ఒక్క మాటే, పలికి చూడండి ఎంతసేపు పడుతుందో. అందుకే మనం అక్షరాలు లెక్కపెట్టాలి. పద్యానికి గణాలు కట్టేటప్పుడు లెక్కపెట్టినట్టే. పొల్లు హల్లును ముందున్న అక్షరంతో కలిపేస్తాం కాబట్టి ‘హెల్మెట్’ రెండక్షరాలు, ‘హెల్మెట్టు’ మూడు. తాపీగా, స్పష్టంగా మాట్లాడే గొంతు సెకనుకు ఐదారు అక్షరాలు పలుకుతుంది. పిల్లల కాగితం మీద నూట డెబ్బై దాటి ఉన్నాయి. అంటే ముప్పై సెకన్లూ మాటలకే సరి. బండి చప్పుడుకు, నిశ్శబ్దానికి, వినేవాడి మనసులో ఏదైనా కదలడానికి అరసెకను కూడా మిగల్లేదు.

నేను పెట్టుకున్న హద్దు తొంభై. ఉత్పలమాల పద్యం పాదానికి ఇరవై చొప్పున నాలుగు పాదాలకు ఎనభై అక్షరాలు. దానికి పది కలుపుకుంటే మన ప్రకటన అయిపోవాలి. ఒక్క పద్యంలో మన కవులు ఎంత పని చేయించారో గుర్తు చేసుకుంటే తొంభై తక్కువేమీ కాదు.

తొంభైలో ఏం చెప్పగలం? ఒక్క పని చెప్పగలం. పిల్లల కాగితంలో ఎన్ని పనులున్నాయో చూడండి. హెల్మెట్ పెట్టుకో, వెనుకవాడికీ పెట్టు, ఐఎస్ఐ ముద్ర చూసి కొను, తాగి నడపకు, వేగంగా పోకు. ఐదు పనులు చెప్పినవాడి మాట ఎవడూ ఒక్కటి కూడా చేయడు. అన్నీ అవసరమే కదా సార్ అన్నాడు ఒక అబ్బాయి. అవసరమే. అయితే ఐదు ప్రకటనలు రాయండి అన్నాను.

ఏ ఒక్క పని అన్నది కుర్చీలో కూర్చుని తేల్చేది కాదు. మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు వాళ్లను బస్టాండు దగ్గర కూడలికి తీసుకెళ్లి అరగంట నిలబెట్టాను. వచ్చేపోయే బండ్ల మీద హెల్మెట్ ఎక్కడుందో చూడమన్నాను. అరగంటలో వాళ్లకే అర్థమైంది. హెల్మెట్ లేనివాళ్లు అనుకున్నంతమంది లేరు. హెల్మెట్ ఉంది, తల మీద లేదు. పెట్రోలు ట్యాంకు మీద ఉంది, అద్దానికి వేలాడుతోంది, మోచేతికి గాజులా తగిలించి ఉంది. తల మీద ఉన్నవాటిలోనూ చాలావాటికి గడ్డం కింద క్లిప్పు పెట్టలేదు, బెల్టు చెవుల పక్కన గాలికి ఊగుతోంది. కొందరి తల మీద ఉన్నది ఇళ్ల పనుల దగ్గర మేస్త్రీలు పెట్టుకునే పసుపు టోపీ. చలానా రాసేవాళ్లను తప్పించుకోవడానికి తప్ప అది తలకు ఎందుకూ పనికిరాదు.

అంటే ‘హెల్మెట్ ధరించండి’ అని మనం చెప్పబోయేది హెల్మెట్ కొనుక్కుని, దాన్ని మోసుకు తిరుగుతున్న మనిషికి. ఆ మాట అతను వెయ్యిసార్లు విన్నాడు. అతనికి ఇంకా ఎవరూ గట్టిగా చెప్పనిది క్లిప్పు సంగతి.

క్లిప్పు ఎందుకంత ముఖ్యమో రాసేవాళ్లకు పూర్తిగా తెలిసి ఉండాలి, ప్రకటనలో ఒక్క ముక్కే వాడినా సరే. హెల్మెట్ పైన కనిపించేది గట్టి డొప్ప. దాని లోపల, మెత్తటి గుడ్డ వెనకాల, వేలెడు మందాన తెల్లటి థర్మోకోల్ లాంటి నురుగు పొర ఉంటుంది. మనల్ని కాపాడేది నిజానికి ఆ పొర. తల నేలకు తగిలినప్పుడు అది నలుగుతుంది. అది నలిగేంతసేపు తల ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా ఆగుతుంది, పుర్రె లోపలి మెదడుకు తగిలే కుదుపు ఆ మేరకు తగ్గుతుంది. అయితే బండి మీంచి పడ్డ మనిషి తల ఒక్కసారే తగిలి ఊరుకోదు. మొదట బండికో, ఎదుటి వాహనానికో తగులుతుంది, తరవాత రోడ్డుకు, ఆ తరవాత డివైడరుకో రాయికో. క్లిప్పు పెట్టని హెల్మెట్ మొదటి దెబ్బకే, ఒక్కోసారి ఆ దెబ్బ తగలకముందే, ఎగిరిపోతుంది. మిగతా దెబ్బలన్నీ ఉత్త తలకే.

చట్టం కూడా ఇదే మాట చెబుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ హెల్మెట్ అంటే ఏమిటో వివరిస్తూ, దానికున్న పట్టీలతో తలకు గట్టిగా బిగించి ఉన్నదే రక్షణ టోపీ అంటుంది. బిగించనిది చట్టం లెక్కలో అసలు హెల్మెట్టే కాదు. ఈ సంగతి చెప్పగానే పిల్లల ముఖాలు మారాయి. అందులో ఇద్దరు తమ హెల్మెట్లను గుమ్మంలో బండి అద్దాలకు తగిలించి వచ్చారు.

పని దొరికింది: గడ్డం కింద క్లిప్పు పెట్టుకోవడం. ఇక మన మనిషి ఏ సాకు చెబుతాడో దొరకాలి. ఉక్కపోత అంటాడు, జుట్టు ఊడుతుందంటాడు, మెడనొప్పి అంటాడు. కూడలి దగ్గర పిల్లలు పలకరించినవాళ్ల నోట మాటిమాటికీ వచ్చింది మాత్రం ఇదే: ‘ఇక్కడికే కదా.’ పాలకు, పెరుగుకు, పిల్లను ట్యూషన్లో దింపడానికి. హైవే ఎక్కితే పెట్టుకుంటానండీ అంటారు. ఈ సాకు వెనక ఒక లెక్క ఉంది. దగ్గర కాబట్టి మెల్లగా పోతాను, మెల్లగా పోతే దెబ్బ తగలదు అని. ఈ లెక్క తప్పు. ఎంత తప్పో చెప్పే ఒక్క నిజం మనకు కావాలి.

ఆ నిజం హైస్కూలు ఫిజిక్సులో ఉంది. నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న తల, అంటే బండి పక్కన నిలబడ్డ మనిషి తల, ఏ ఆసరా లేకుండా కింద పడితే నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు పందొమ్మిదిన్నర కిలోమీటర్లు. బండి కదలకపోయినా సరే. స్టాండు వేసి ఉన్న బండి మీంచి పడ్డా దాదాపు అంతే. ఆ వేగంతో తలను తారురోడ్డుకేసి కొట్టడం ఎలా ఉంటుందో ఎవరూ వివరించనక్కర్లేదు. ‘మెల్లగానే పోతున్నా’ అనే మాట అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే బండి వేగం సున్నా అయినా తల వేగం సున్నా కాదు.

పిల్లలు మొదట తెచ్చిన పెద్ద లెక్క వేరే. 2022లో దేశంలో హెల్మెట్ పెట్టుకోకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవాళ్లు. ఈ అంకెలు నన్ను కదిలిస్తాయి, నేను కాగితం మీద వాటిని చూస్తూ చాలాసేపు కూర్చోగలను. కానీ చెవికి ‘యాభై వేల ఇరవై తొమ్మిది’ పది అక్షరాల శబ్దం మాత్రమే. రెండు సెకన్లు తినేసి, మనిషి ముఖం ఒక్కటి కూడా చూపించకుండా పోతుంది. ఇరవై కిలోమీటర్లంటే ఏమిటో మాత్రం బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఒంట్లో తెలుసు.

జరిమానా సంగతి కూడా అలాగే తీసేశాం. 2019 సవరణతో వచ్చిన 194డి సెక్షన్లో వెయ్యి రూపాయలు, మూడు నెలల అనర్హత ఉన్న మాట నిజమే. అది అనర్హత, పిల్లలు రాసినట్టు రద్దు కాదు. పైగా చేతికొచ్చే చలానా రాష్ట్రాన్ని బట్టి మారుతుంటుంది, ఈ ఏడు చెప్పిన మాట వచ్చే ఏడు తప్పు కావచ్చు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. జరిమానా గురించి విన్నవాడు పోలీసు లేని దారి వెతుక్కుంటాడు. పెరుగు తేవడానికి వెళ్లే సందులో పోలీసు ఉండడు.

రెండో రోజు మేం రాసింది నాకు మొదట చాలా నచ్చింది. కొత్త బండికి గుడి దగ్గర పూజ. చక్రాల కింద నిమ్మకాయలు, హారతి, గంట. ఠప్పుమని కొబ్బరికాయ పగిలిన చప్పుడు. వెంటనే ఒక గొంతు: ‘మీ తల దీనికన్నా గట్టిదా?’ రేడియోకు ఇంతకన్నా మంచి చప్పుడు దొరకదనుకున్నాను. రాత్రి ఇంట్లో వినిపిస్తే మా ఆవిడ మొహం చిట్లించింది. ‘శుభమా అని బండి కొనుక్కున్నవాళ్ల చెవిలో ఆ మాటేమిటండీ, ఇది వస్తే నేను రేడియో కట్టేస్తాను’ అంది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. భయపెట్టే ప్రచారాల మీద కిమ్ విట్టే అనే పరిశోధకురాలు 1992లో రాసిన సిద్ధాంతం కూడా ఇదే చెబుతుంది. ప్రమాదం పెద్దదని చెప్పి, దాన్నుంచి బయటపడే పని చేతికి అందించకపోతే, మనిషి ప్రమాదాన్ని కాదు, తన భయాన్ని వదిలించుకుంటాడు. రేడియో కట్టేస్తాడు, లేదా మనకలా జరగదులే అనుకుంటాడు. మా కొబ్బరికాయలో భయం ఉంది, క్లిప్పు లేదు.

కూడళ్లలో యముడి వేషం వేసి హెల్మెట్ లేనివాళ్లను ఆపే ప్రదర్శనలు మనం చాలా చూశాం. వాటిని వేసేవాళ్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది. కానీ చూసినవాళ్లకు గుర్తుండేది కిరీటం, గద, పాశం. ఫొటో తీసుకుని అదే ఉత్త తలతో వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను.

భయం పోయింది, అంకెలు పోయాయి, చట్టం పోయింది. మిగిలింది ఒక వీధి. మూడో రోజు నేను పిల్లలకు మా వీధిలో జరిగింది చెప్పాను. రెండు వానాకాలాల కిందట మా పక్కింటి కుర్రాడు టిఫిను తేవడానికి బండి తీశాడు. హెల్మెట్ మోచేతికి ఉంది. ఇసుక ట్రాక్టరు మలుపు తిరిగేటప్పుడు జారిన ఇసుక పలచగా రోడ్డు మీద పరుచుకుని ఉంది. వేగమేమీ లేదు, మలుపు కదా. ముందు చక్రం పక్కకు జారింది, అంతే. మేం పరుగెత్తుకెళ్లేసరికి మోచేతి హెల్మెట్ దొర్లి మురుగుకాలువ గట్టున ఆగి ఉంది. దాని మీద ఒక్క గీత లేదు. కుర్రాడి తలకు పదకొండు కుట్లు పడ్డాయి, రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. బతికాడు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర బండి దిగి నడిపించుకుపోతాడు.

ఆ గీత లేని హెల్మెట్టే మా ప్రకటన. దాన్ని చెవికి ఎలా చూపించాలన్నదే మిగిలిన పని. నాలుగో రోజు సాయంత్రానికి కాగితం ఇలా అయింది:

(బండి స్టాండు తీసిన చప్పుడు)
అమ్మ: ఒరే చిన్నా, హెల్మెట్టు!
చిన్నా: పెరుగు ప్యాకెట్టుకే కదమ్మా. ఇక్కడికే!
(సెల్ఫ్ కొట్టిన చప్పుడు, బండి అందుకుంటుంది)
అమ్మ: పోయిన నెల రాజు ఎక్కడ పడ్డాడు?
(బండి ఆపేస్తాడు. రెండు సెకన్లు నిశ్శబ్దం)
చిన్నా: మన వీధి మలుపులోనే.
(హెల్మెట్ తలకు తొడుక్కుంటున్న చప్పుడు)
అమ్మ: క్లిప్పు?
(టక్)
వ్యాఖ్యాత: నిలబడ్డ మనిషి కింద పడినా తల నేలకు తగిలేది ఇరవై కిలోమీటర్ల వేగంతో. పక్క వీధికైనా హెల్మెట్టు. గడ్డం కింద...
(టక్)

అక్షరాలు లెక్కపెట్టుకోండి, సరిగ్గా తొంభై. సెకనుకు ఐదున్నర చొప్పున పదహారు సెకన్ల మాట. స్టాండుకు ఒకటిన్నర, సెల్ఫ్‌కు రెండు, నిశ్శబ్దానికి రెండు, హెల్మెట్ తొడుక్కోవడానికి రెండున్నర, మొదటి టక్‌కు ఒకటి, చివరి టక్‌కూ దాని చుట్టూ ఖాళీకీ కలిపి రెండు. మొత్తం పదకొండు. మాటకూ మాటకూ మధ్య ఊపిరికి ఇంకో మూడు. ముప్పై. ఇలా సెకన్లవారీగా పంచుకోకుండా స్టూడియోకు వెళితే అక్కడ కోత మొదలవుతుంది. కోతలో మొట్టమొదట పోయేది నిశ్శబ్దమే, అందరికీ అది ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి. ఆ రెండు సెకన్లు పోతే ఈ ప్రకటన చచ్చిపోతుంది. చిన్నా ఆలోచించేది అక్కడ, వినేవాడు తన వీధి మలుపును తలుచుకునేది అక్కడ.

ఇందులో ఒక్కో మాట దగ్గర చాలా వాదించుకున్నాం. మొదట ‘రాజు ఎక్కడ చనిపోయాడు’ అని ఉండేది. చావు రాగానే వినేవాడు దూరం జరుగుతాడని ‘పడ్డాడు’ చేశాం. పడటం అందరికీ తెలిసిన అనుభవం. రాజుకు ఏమైందో చెప్పలేదు, తల్లీకొడుకులిద్దరికీ తెలుసు కాబట్టి వాళ్లు చెప్పుకోరు. ఇద్దరికీ తెలిసిన విషయాన్ని వినేవాళ్ల కోసం ఒకరికొకరు వివరించుకోవడం ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే అబద్ధం. పందొమ్మిదిన్నరను ఇరవై చేశాం, ఎత్తును బట్టి అరకిలోమీటరు అటూ ఇటూ మారేదే కనుక అందులో మోసం లేదు. అంకెను మాత్రం కాగితం మీద ‘20’ అని వేయలేదు, ‘ఇరవై’ అని అక్షరాల్లోనే రాశాం. చదివే గొంతు దేనికీ ఆగి ఆలోచించకూడదు, మన అక్షరాల లెక్కా తప్పకూడదు.

‘శిరస్త్రాణం ధరించండి’ ఎక్కడికి పోయిందని తెలుగు మాస్టారొకరు అడిగారు. ఏ అమ్మా కొడుకుతో ఆ మాట అనదు. ఇంట్లో అనే మాటే రేడియోలో అనాలి. ఆ లెక్కన ఈ కాగితం కరీంనగర్ వెళితే చిన్నా ‘గీడికే గదమ్మా’ అనాలి, అమ్మ ‘రాజుగాడు యాడ పడ్డడు’ అనాలి, అతను ‘మన గల్లి మలుపుల్నే’ అనాలి. కోస్తా అమ్మ గొంతును అలాగే పంపేస్తే అక్కడివాళ్లకు అది పక్కింటి సంగతిగా కాకుండా పరాయి ఊరి నాటకంలా వినిపిస్తుంది. యాసను నటించగలిగే కళాకారుణ్ణి వెతక్కండి, ఆ ఊరి మనిషినే మైకు ముందు కూర్చోబెట్టండి.

టక్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ప్రకటన భారమంతా దాని మీదే ఉంది. అన్ని హెల్మెట్లూ టక్ అనవు. రెండు ఇనుప రింగుల్లోంచి పట్టీ దూర్చి లాగే రకం చాలా గట్టిది, కానీ చప్పుడు చేయదు. రికార్డింగుకు నొక్కి పెట్టే క్లిప్పున్న హెల్మెట్ కావాలి. ఫ్యాను ఆపేసి, తలుపులు మూసి, దుప్పట్లున్న గదిలో, మైకుకు జానెడు దూరంలో పెట్టి చేశాం. మొదట తల మీద పెట్టుకోకుండా చేతుల్లో నొక్కితే ఎండుపుల్ల విరిగినట్టు వినిపించింది. అబ్బాయి నిజంగా తలకు పెట్టుకుని గడ్డం కింద నొక్కినప్పుడే డొప్పలో మోగి, వినగానే ఇది హెల్మెట్టని తెలిసింది. ఆ చప్పుడుకు ముందూ వెనకా అరసెకను చొప్పున ఏమీ ఉండకూడదు. కింద సంగీతం వేద్దామంటే ఒప్పుకోకండి. మన ప్రకటన వినేది స్టూడియో స్పీకర్లలో కాదు, ఆటో వెనక సీటు కింది డబ్బాలో, బస్టాండు మైకులో. అక్కడ సన్నటి చప్పుడు మీద ఏది పడినా అది మునిగిపోతుంది.

ఇక పరీక్ష. ప్రకటన వినిపించి ‘బాగుందా’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, మీ మొహం చూసి. మేం ఒక టీ కొట్టు దగ్గర బండ్ల మీద వచ్చినవాళ్లకు ఫోన్లో ఒక్కసారి వినిపించి, టీ తాగడం పూర్తయ్యేదాకా వేరే కబుర్లు చెప్పాం. వెళ్లేముందు ఒక్కటే అడిగాం: ‘ఇందాకటి దాంట్లో ఏం చేయమన్నారు?’ హెల్మెట్ పెట్టుకోమన్నారు అంటే సగమే చేరినట్టు. మొదటి విడతలో అలాగే జరిగింది, ఒకాయన మాత్రం ‘ఇంతకీ ఆ రాజుకేమైంది’ అన్నాడు. తప్పు ఎక్కడుందో వెతికితే, అప్పటి కాగితంలో అమ్మ ‘క్లిప్పు?’ అనే మాట లేదు, చివర్లో టక్ ఒక్కటే ఉంది. ఒక్కసారి మోగిన చప్పుడు ఏమిటో చెవి పోల్చుకోలేదు. అమ్మ నోట పేరు చెప్పించి ఒకసారి మోగించాక, రెండోసారి పేరు లేకుండా మోగించినా అర్థమైంది. అందుకే వ్యాఖ్యాత వాక్యం ‘గడ్డం కింద’ దగ్గరే ఆగిపోతుంది, క్రియ వినేవాడే పూరిస్తాడు. రెండో విడతలో జనం గడ్డం కింద చేయి పెట్టి చూపించారు. మాటతో కాక చేత్తో జవాబు చెప్పారంటే చేరిందని లెక్క.

దీన్ని దృశ్యంగా తీయాలంటే కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమన కనిపించేది, కుడిన వినిపించేది రాసుకోండి. టీవీకి సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ముప్పై సెకన్లు 750 ఫ్రేములు. అందులో చివరి యాభై గడ్డం కింద వేళ్లకు, క్లిప్పుకు దగ్గరగా ఉండాలి. దాని మీద శాఖల ముద్రలు, అతిథుల ఫొటోలు వేయమంటారు. వేయనివ్వకండి.

ఈ ప్రకటన చేయలేనివి కూడా ఉన్నాయి. వెనుక కూర్చున్నవాళ్ల గురించి ఇందులో ఒక్క మాట లేదు, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలన్న సంగతి లేదు, ఐఎస్ 4151 ప్రమాణం లేదు, ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌లో నురుగు పొర నలిగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని పారేయాలన్నది లేదు. ఒక్కోదానికీ ఒక్కో ముప్పై సెకన్లు కావాలి, ఒక్కోదానికీ మళ్లీ ఒక అరగంట కూడలి దగ్గర నిలబడాలి. పిల్లలు ఇప్పుడు వెనుక సీటు మీద రాస్తున్నారు. చీర కట్టుకుని ఒకవైపు కూర్చున్న ఆవిడ చెప్పే సాకు ఏమిటో వాళ్లు ఇంకా వింటూనే ఉన్నారు.

మీరు రాసి రికార్డింగుకు వెళ్లేరోజు మీ హెల్మెట్టే తీసుకెళ్లండి. తలకు పెట్టుకుని క్లిప్పు నొక్కండి, పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకు మించి చోటుందేమో చూడండి, వెనక నుంచి ముందుకు తోస్తే ఊడి వస్తుందేమో చూడండి. వదులుగా ఉంటే పట్టీ బిగించండి. క్లిప్పు పళ్లు అరిగిపోయి టక్ అనకపోతే రికార్డింగు మర్నాటికి వాయిదా వేసి, ముందు కొత్త హెల్మెట్ కొనుక్కోండి.